నాన్న ఫోన్ ఎత్తడం లేదు... జర చూసి రండి అంకుల్!

హన్మకొండలో ఆదివారం ఉదయం ఏడున్నర. వేసవి రోజులు కాబట్టి న్యూజెర్సీలో అప్పటికి శనివారం రాత్రి పది గంటలు. అక్కడున్న కూతురు పడుకోబోయే ముందు నాన్నకు ఫోన్ చేస్తుంది. ఇక్కడ ఆయన టీ తాగుతూ ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తుంటారు. ఇవాళ మాత్రం రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆరున్నర నుంచి ఇది నాలుగోసారి.

ఇప్పుడేం చేయాలి?

వరంగల్లో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 2002లో అదే ఎన్ఐటీ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ, కాకతీయ యూనివర్సిటీ ఎలాగూ ఉన్నాయి. ఊళ్లోనే చదువుకున్న పిల్లలు ఊరు దాటారు, దేశం దాటారు. బాలసముద్రంలోనో, నక్కలగుట్టలోనో, కాజీపేటలోనో కట్టుకున్న ఇంట్లో రిటైరైన తండ్రి ఒక్కరే మిగిలారు. ఆయనకు ఏదైనా అయితే అందరికన్నా ముందు చేరగలిగేది గోడ అవతలి మనిషే. ఆ మనిషిని ఎలా అడగాలి? మర్యాద తగ్గకూడదు, తొందర దాగకూడదు. చెప్పినంత సులువు కాదిది. ఒక ఉదాహరణ ఊహించుకుని, మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

మన ఉదాహరణలో తండ్రికి డెబ్భై నాలుగేళ్లు. రిటైర్డ్ లెక్చరర్. భార్య లేరు. పదేళ్లుగా షుగర్, పొద్దున రాత్రి ఇన్సులిన్ తీసుకుంటారు. పక్కింట్లో ఉండేది రైల్వేలో పనిచేసి రిటైరైన అంకుల్, ఆయన భార్య.

అక్కడి నుంచి 108 తగలదు

చాలామందికి మొదట తట్టే ఆలోచన అంబులెన్స్. కానీ 108 అన్నది మన దేశంలోపలే పనిచేసే పొట్టి నంబరు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పటి నుంచీ అంతే. అమెరికాలో కూర్చుని 108 నొక్కితే మన అంబులెన్స్ వాళ్లకు వెళ్లదు. 100, 112 కూడా అంతే. విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి పోలీసులను అందుకోవాలంటే స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబరు కావాలి. దాని ముందు దేశం కోడ్ 91, వరంగల్ కోడ్ 870 కలిపి చేయాలి. ఆ నంబరు ముందే రాసిపెట్టుకుంటే తప్ప ఆ కంగారులో దొరకదు.

అందుకే ఇక్కడున్న ఒక మనిషి కావాలి. ఆ మనిషి వెళ్లి చూడాలి, అవసరమైతే 108కు ఆయనే ఫోన్ చేయాలి. అంబులెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్నలు 'స్పృహలో ఉన్నారా, ఊపిరి ఆడుతోందా' అన్నవే. వాటికి జవాబు మనిషి పక్కన నిలబడ్డవాళ్లు మాత్రమే చెప్పగలరు.

మర్యాదలో మునిగిపోయిన తొందర

మన అమ్మాయి వాట్సప్‌లో ఇలా రాసిందనుకోండి:

"నమస్తే అంకుల్, బాగున్నారా? ఆంటీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నా, ఏమీ అనుకోకండి. నాన్న ఫోన్ ఎత్తడం లేదు. పడుకునే ఉంటారు లెండి. మీకు వీలైనప్పుడు ఒకసారి చూస్తారా? తొందరేం లేదు."

చదవడానికి ఎంత బాగుందో! కానీ అంకుల్ ఏం చేస్తారు? స్నానం చేసి, టిఫిన్ తిని, పేపర్ చదివి, తొమ్మిదింటికి అటు వెళ్తారు. అందులో ఆయన తప్పు ఏమీ లేదు. 'వీలైనప్పుడు' అని ఉంది, 'తొందరేం లేదు' అని ఉంది. 'పడుకునే ఉంటారు' అని కారణం కూడా ఆ అమ్మాయే చెప్పేసింది. ఆమె గుండె దడదడలాడుతోంది. ఆ దడ మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు.

మనవాళ్లు పెద్దలను ఏదైనా అడిగేటప్పుడు పనిని చిన్నది చేసి చెప్తారు. అది మన మర్యాద. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. పెళ్లి పత్రికలు పంచమనో, కరెంటు బిల్లు కట్టమనో అడిగేటప్పుడు ఎవరికీ నష్టం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం మర్యాదను సమయంలోంచి తీసేయాలి, పిలుపులో పెట్టాలి. తెలుగులో ఆ వెసులుబాటు ఉంది. 'అంకుల్' అనే పిలుపులో గౌరవం ఉంది. 'వెళ్లండి' అన్న మాట చివరి 'అండి'లో గౌరవం ఉంది. 'ఇప్పుడే వెళ్లండి అంకుల్' అంటే ఎవరూ అమర్యాద అనుకోరు. ఇంక 'వీలైతే', 'కుదిరితే', 'ఖాళీ దొరికితే' అక్కర్లేదు.

ఇంకోటి. ఇలాంటప్పుడు మెసేజ్ పంపి ఊరుకోకూడదు. ముందు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే వెంటనే ఆంటీకి చేయాలి. మెసేజ్ అన్నది ఫోన్‌లో చెప్పిందాన్ని మళ్లీ చూసుకోవడానికే. పెద్దవాళ్ల ఫోన్లు రాత్రి సైలెంట్‌లో పెట్టి పొద్దున మరిచిపోవడం మామూలే. మెసేజ్ దగ్గర ఒక్క టిక్కే ఉందంటే అది వాళ్ల ఫోన్‌కు చేరనే లేదని అర్థం. రెండు టిక్కులు పడ్డాయంటే ఫోన్‌కు చేరిందనే తప్ప, మనిషి చదివారని కాదు.

ఇలా చెప్పి చూడండి

అదే అమ్మాయి ఫోన్ చేసి ఇలా అందనుకోండి:

"అంకుల్, నేను పక్కింటి సార్ కూతుర్ని, న్యూజెర్సీ నుంచి. అర్జంటు అంకుల్. నాన్న ఆరున్నర నుంచి ఫోన్ ఎత్తడం లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు మంచిగనే మాట్లాడిన్రు. నిన్న శనివారం, ఒక్కపొద్దు ఉన్నరు. ఇన్సులిన్ తీసుకుంటరు కదా, షుగర్ పడిపోయిందేమోనని భయంగా ఉంది. జర ఇప్పుడే వెళ్లి, నాన్నను కళ్లతో చూసి మాట్లాడించండి. తలుపు తీయకపోతే వెనక్కి రాకండి, అక్కణ్నుంచే నాకు ఫోన్ చేయండి. మీకు ఇప్పుడు కుదరకపోతే చెప్పండి అంకుల్, ఏమనుకోను, వేరేవాళ్లను అడుగుతా."

అర నిమిషం పట్టే మాటలు. ఇందులో ఏముందో చూడండి.

'అర్జంటు' అన్న మాట రెండో వాక్యంలోనే వచ్చింది. కుశల ప్రశ్నలు లేవు. అవి సాయంత్రం అడగొచ్చు.

భయానికి కారణం చెప్పింది. 'భయంగా ఉంది' అని ఊరుకుంటే, దూరాన ఉన్న పిల్ల కంగారు పడుతోందని పెద్దవాళ్లు నవ్వి ఓదార్చే అవకాశం ఉంది. ఒక్కపొద్దు, ఇన్సులిన్ అన్న రెండు మాటలు వినగానే అంకుల్‌కు విషయం అర్థమైంది. రోజూ వేసుకునే మోతాదు ఇన్సులిన్ వేసుకుని, రాత్రి అన్నం మానేసి రెండు అరటిపండ్లతో పడుకుంటే తెల్లారేసరికి షుగర్ బాగా పడిపోవచ్చు.

'చూడండి' అని వదిలేయలేదు. 'కళ్లతో చూసి మాట్లాడించండి' అంది. ఈ తేడా చాలా పెద్దది. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, పక్కింటివాళ్లు వెళ్లి తలుపు రెండుసార్లు కొట్టి, పలక్కపోతే 'పడుకున్నట్టున్నారమ్మా' అని చెప్పి వచ్చేస్తారు. వాళ్ల దృష్టిలో పని అయిపోయింది. అసలు పని మొదలే కాలేదు.

చివరిగా, కాదనే దారి ఇచ్చింది. ఇది మర్యాద కోసమే కాదు. అంకుల్ ఆ రోజు హైదరాబాద్‌లో ఉంటే, మొహమాటానికి 'చూస్తాలే అమ్మా' అనేసి ఎవరికో పురమాయిస్తారు. ఆ ఎవరో ఇంకెవరికో చెప్తారు. అరగంట పోతుంది. 'కుదరదు' అన్న జవాబు వెంటనే వస్తే ఆ అరగంట మిగులుతుంది.

గేటు దగ్గరే సగం తెలుస్తుంది

ఇప్పుడు అంకుల్ గేటు తీసుకుని లోపలికి వెళ్లారు. అమ్మాయి ఫోన్‌లోనే ఉంది. ఆమె అడగాల్సిన మొదటి ప్రశ్న: బయట తాళం ఉందా, లోపల గడియ ఉందా?

బయట తాళం ఉంటే ఆయన ఎక్కడికో వెళ్లారు. ఫోన్ ఇంట్లో మరిచిపోయి ఉండొచ్చు. కంగారు కాస్త తగ్గుతుంది. లోపల గడియ ఉంటే మనిషి లోపలే ఉన్నారు. అయినా పలకడం లేదు. అప్పుడు మిగిలినవి చూడాలి. పాల ప్యాకెట్ ఇంకా గేటుకే వేలాడుతోందా? పేపర్ వాకిట్లోనే ఉందా? చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయా? వరండా లైటు తెల్లారినా వెలుగుతోందా? ఇప్పుడు అమ్మాయి ఇంకో ఫోన్ నుంచి నాన్న నంబరు చేస్తే రింగు లోపల్నుంచి వినపడుతోందా?

మన ఉదాహరణలో పాలు గేటుకే ఉన్నాయి. చెప్పులు ఉన్నాయి. రింగు వినపడుతోంది. లోపల గడియ వేసి ఉంది. అంటే ఇంక ఆగడానికి లేదు. చుట్టూ తిరిగి ప్రతి కిటికీలోంచి పేరు పెట్టి గట్టిగా పిలవాలి. బాత్‌రూమ్ వెంటిలేటర్ దగ్గర చెవి పెట్టాలి. పెద్దవాళ్లు జారిపడేది ఎక్కువగా అక్కడే.

ఎందుకింత తొందర అంటారా? పడిపోయి లేవలేని మనిషి గంటకు మించి నేల మీద ఉంటే, దెబ్బ చిన్నదైనా సమస్య పెద్దదవుతుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది. ఒత్తుకున్న చోట కండ దెబ్బతిని, ఆ ప్రభావం కిడ్నీల మీద పడుతుంది. పక్షవాతమైతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ లెక్క మనిషి చివరిసారి బాగున్నట్టు తెలిసిన సమయం నుంచి మొదలవుతుంది. 'రాత్రి తొమ్మిదిన్నరకు మంచిగనే మాట్లాడిన్రు' అన్న మాట విలువ ఇక్కడ తెలుస్తుంది. ఆ సంగతి ఆస్పత్రిలో డాక్టర్ తప్పకుండా అడుగుతారు. జవాబు ఉన్నది వేల మైళ్ల అవతల ఉన్న కూతురి ఫోన్‌లోనే.

తాళంచెవి ఉన్నా తెరుచుకోని తలుపు

పక్కింట్లో ఒక తాళంచెవి ఇచ్చిపెట్టడం చాలామంది చేసే పనే. అందులో ఒక చిక్కుంది. రాత్రి లోపల్నుంచి బోల్టు వేసుకుంటే బయటి తాళంచెవి ఎందుకూ పనికిరాదు. కాబట్టి ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు కనీసం ఒక తలుపుకు బోల్టు వేయకుండా, రెండు వైపులా తాళంచెవితో తెరుచుకునే తాళం మాత్రమే వేసుకోవాలి. తాళంచెవిని లోపలి వైపు రంధ్రంలోనే వదిలేయకూడదు, అదీ అడ్డమే. బాత్‌రూమ్‌కు లోపలి గడియ అసలు వేసుకోకపోతే మంచిది.

మన లెక్చరర్ గారు కిందటేడు కూతురు వచ్చినప్పుడు ఆమె పోరు పడలేక వెనక తలుపుకు ఆ ఏర్పాటు చేయించారనుకుందాం. అంకుల్ ఇంటికి పరుగెత్తి తాళంచెవి తెచ్చి, వెనక నుంచి లోపలికి వెళ్లారు.

ఆ ఏర్పాటు లేకపోతే? తలుపు పగలగొట్టాలా అన్న సందేహం దగ్గర పక్కింటివాళ్లు ఆగిపోతారు. పరాయి ఇల్లు. రేపు ఏదైనా పోయిందంటే? ఆ భయం న్యాయమైనదే. అక్కడ కూతురు తానే నోరు తెరిచి చెప్పాలి: "తలుపు పగలగొట్టండి అంకుల్, నేను చెప్తున్నా. ఖర్చు నాది. ఇంకో ఇద్దర్ని పక్కన పెట్టుకోండి. 100కు కూడా చెప్పండి." ఇదే మాటను మెసేజ్‌గా కూడా పంపాలి, ఆయన దగ్గర రుజువు ఉంటుంది. పోలీసులు వచ్చేదాకా ఆగే వీలుంటే ఆగొచ్చు. కిటికీలోంచి మనిషి పడిపోయి కనిపిస్తే మాత్రం ఎవరి కోసమూ ఆగకూడదు.

లోపల

ఆయన మంచం మీద ఉన్నారు. బనీను చెమటతో తడిసిపోయింది. పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, మాట తడబడుతోంది. షుగర్ పడిపోయినప్పుడు కనిపించే గుర్తులివే. చెమట, వణుకు, పొంతన లేని మాటలు, తర్వాత మగత.

ఇప్పుడు అంకుల్ చూడాల్సింది ఒక్కటే. ఆయన మింగగలుగుతున్నారా? లేపి కూర్చోబెడితే గుక్క మింగగలిగితే, అర గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి నెమ్మదిగా తాగించాలి. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే అది తగ్గినట్టే. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి, ఇంకా పెరగకపోతే మళ్లీ తాగించాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. మనిషికి స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు. పంచదార నీళ్లు కాదు కదా, మంచినీళ్లు కూడా వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు చేయాలి.

మన ఉదాహరణలో మొదట 48 ఉంది. పదిహేను నిమిషాలకు 82 అయింది. ఆయన లేచి కూర్చుని, 'ఏమైందివయా, మీరంతా ఎందుకొచ్చిన్రు' అన్నారు. అయినా అక్కడితో వదిలేయకూడదు. కొన్ని రకాల ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు గంటల తరబడి పనిచేస్తాయి. పెరిగిన షుగర్ మళ్లీ పడిపోవచ్చు. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఒక్కపొద్దు రోజుల్లో ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో అడిగి రాయించుకోవాలి.

ఏమీ కాని రోజు

ఇలాంటి ఫోన్లలో చాలా వాటికి ముగింపు ఇంత గంభీరంగా ఉండదు. ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. ఫోన్ దిండు కింద ఉంటుంది. నాన్న పబ్లిక్ గార్డెన్‌లో వాకింగ్ ముగించుకుని స్నేహితులతో కబుర్లలో పడి ఉంటారు. అంకుల్ తలుపు కొట్టగానే ఆయనే వచ్చి తీస్తారు. అప్పుడు ఇద్దరికీ కాస్త ఇబ్బంది.

ఆ ఇబ్బందిని కూతురు ఎలా సర్దుతుందన్న దాని మీదే మళ్లీసారి ఆధారపడి ఉంటుంది. 'అనవసరంగా పంపించాను, సారీ' అని పదిసార్లు అంటే, మళ్లీ ఫోన్ చేయడానికి ఆమెకే మొహమాటం. మరోసారి కదలడానికి ఆయనకూ బద్ధకం. 'మీరు వెళ్లబట్టి నాకు ఇప్పుడు నిద్రపడుతుంది అంకుల్' అంటే చాలు. ఆయన చేసిన పనికి విలువ ఉందని తెలుస్తుంది. నాన్నను అందరి ముందు కోప్పడకూడదు. తన మీద కాపలా పెట్టారని అనిపిస్తే ఆయన పక్కింటివాళ్లతో మాటలే తగ్గించేస్తారు.

అందుకే ఈ ఏర్పాటు నాన్నకు తెలిసే జరగాలి. ఈసారి ఇండియాకు వచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకోవాలి. రోజూ ఫోన్ ఏ టైముకు? ఎన్నిసార్లు ఎత్తకపోతే, ఎంతసేపు ఆగి అంకుల్‌ను పిలవాలి? ఇన్సులిన్ తీసుకునే మనిషికి అరగంట చాలా ఎక్కువే. ఆరోగ్యంగా తిరిగే మనిషి అయితే రెండు గంటలు ఆగొచ్చు. ఆ అంకె ముందే అనుకుని ఉంటే, ఆ రోజు కూతురు 'చేయనా వద్దా' అని తటపటాయించక్కర్లేదు. 'మనం అనుకున్న అరగంట అయింది అంకుల్' అంటే సరిపోతుంది.

పక్కింటి మనిషి ఒక్కరే ఉండటం కూడా సరికాదు. 2023 జులై చివర్లో కురిసిన వానలకు వరంగల్, హన్మకొండల్లో కాలనీలకు కాలనీలే నీళ్లలో మునిగాయి. అలాంటి రోజున నాన్న ఇంట్లోకి నీళ్లొస్తే పక్కింట్లోకీ వస్తాయి. అందుకని రెండో మనిషి వేరే కాలనీలో, ఎత్తైన చోట ఉండాలి. బంధువైనా సరే, నాన్న పాత స్టూడెంట్ అయినా సరే.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి రెండు కాపీలు చేయాలి. ఒకటి ఫ్రిజ్ తలుపుకు, ఒకటి పక్కింట్లో. పేరు, వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, చూసే డాక్టర్, ఆస్పత్రి, కూతురి రెండు నంబర్లు, తాళంచెవి ఎక్కడుందో. కాలనీ పేరుతో పాటు ఇంటి గుర్తు కూడా రాయాలి. అంబులెన్స్ డ్రైవర్‌కు ఇంటి నంబరు కన్నా 'వాటర్ ట్యాంకు వెనక సందులో మూడో ఇల్లు' అన్నదే తొందరగా దొరుకుతుంది. పెద్దవాళ్ల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది. పింఛన్లు, చట్టపరమైన సలహాలు, ఆసరా గురించి పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చెప్తారు. ప్రాణాపాయానికి మాత్రం అది కాదు, 108కే చేయాలి. కాగితంలో ఆ రెండు నంబర్లూ పక్కపక్కన కాకుండా, 108ని పైన పెద్ద అక్షరాల్లో రాయండి. కంగారులో కళ్లజోడు దొరకదు.